డై మార్పిడి సమయం తగ్గించడం – 4వ పాఠం: షట్ హైట్‌ను బయటే సరిచేయడం

గత పాఠం అభ్యాసంగా డై మార్పిడి సమయాన్ని కొలిచి మీరు పంపిన పట్టికలు చూసిన తర్వాత, ఈసారి చెప్పదలచుకున్న క్లాంపుల విషయాన్ని వాయిదా వేయవలసి వచ్చింది. చాలామంది చివరి బోల్టు బిగించగానే గడియారం ఆపేశారు. పాత డైతో వచ్చిన ఆఖరి సరైన పీసు నుంచి కొత్త డైతో వచ్చిన మొదటి సరైన పీసు వరకు పట్టే కాలమే మార్పిడి సమయం. బోల్టు బిగిశాక, పై డైని మోసే రామ్‌ను కాస్త దించి, ఒక పీసు కొట్టి, కొలిచి, మళ్లీ దించే తంతు అంతా అందులోనిదే. 22 నిమిషాలని రాసిన ఒకరి చేత మళ్లీ కొలిపిస్తే 38 నిమిషాలు తేలింది. దాగిన 16 నిమిషాలూ, డై మూసిన ఎత్తుకు రామ్‌ను సరిపెట్టే షట్ హైట్ సర్దుబాటువే.

ఈ సర్దుబాటును వేగంగా చేయడం నేర్చుకోవడం కన్నా, దాని అవసరమే లేకుండా చేయడం మేలు. ఒక ప్రెస్‌పై నడిచే రెండు డైలను తీసుకుందాం. మొదటిదాని మూసిన ఎత్తు 420 మి.మీ., రెండవదానిది 395 మి.మీ. ఆ 25 మి.మీ. తేడాను ప్లేటుతో పూడ్చి, ప్లేటును డైకి శాశ్వతంగా బిగించేస్తే రామ్‌ను అంతగా కదిలించే పని ఉండదు.

ప్లేటంతా అడుగున వేయడమే అందరూ చేసే పొరపాటు. అప్పుడు షీటు నడిచే మట్టం కూడా 25 మి.మీ. లేస్తుంది, ఫీడర్‌ను లేపవలసి వస్తుంది. ఒక సర్దుబాటు పోయి మరొకటి వచ్చినట్లే. కాబట్టి ముందుగా షీటు మట్టాలను కలపాలి. మొదటి డైలో ఆ మట్టం 210, రెండవదానిలో 200 అయితే, అడుగున 10 మి.మీ. ప్లేటు, మిగిలిన 15 పై భాగానికి. అడుగు ప్లేటుకు స్క్రాప్ జారే రంధ్రాలు తప్పనిసరి. అవి లేకపోతే ముక్కలు పేరుకుని డై పగులుతుంది. పై ప్లేటు బరువు కలిపిన పై డై, రామ్ మోయగల పరిమితిలో ఉండాలి. రామ్ బరువును నిలిపే కౌంటర్‌బ్యాలెన్స్ గాలి ఒత్తిడిని ఆ బరువుకు తగ్గట్టు మార్చాలి. పలుచని రేకులు పేర్చి ఎత్తు కలపడం నాకు నచ్చదు, వాటి మధ్య చిన్న లోహపు పొట్టు చేరినా డై ఒరుగుతుంది. రెండు ముఖాలూ సమాంతరంగా గ్రైండ్ చేసిన ఒకే ప్లేటు వాడండి.

ఇంత చేసినా కొద్దిపాటి తేడా మిగులుతుంది, ఎందుకంటే టన్నేజీని బట్టి ప్రెస్ ఫ్రేము సాగుతుంది. సరైన పీసు వచ్చినప్పటి రామ్ రీడింగును డైపైనే రాసి, తర్వాతిసారి నేరుగా ఆ అంకెకే పెట్టండి.

అభ్యాసం: ఒక ప్రెస్‌పై నడిచే డైలన్నిటి మూసిన ఎత్తునూ షీటు మట్టాన్నీ, షీటు లోపల ఉంచి, టూల్ రూములో కొలవండి. ఏ డైకి ఎక్కడ ఎంత ప్లేటు కావాలో రాయండి. పంచ్‌లు పదును పెట్టి వచ్చిన డైలను మళ్లీ కొలవాలి, గ్రైండింగులో పోయినంత ఎత్తు తగ్గి ఉంటుంది.