లోడ్ 6, సీపీయూ తినే ప్రాసెస్ లేదు: ఎక్కడ వెతకాలి?

లక్షణం ఇది: 2 వీసీపీయూల వర్చువల్ మెషీన్, సైట్ నత్తనడక, `uptime`లో లోడ్ 6. `top`లో మాత్రం ఏ ప్రాసెస్సూ పెద్దగా సీపీయూ తినడం లేదు. వెంటనే వర్కర్లు పెంచేయకండి, ముందు ఇది కొట్టండి:

```
vmstat 1 10
```

మొదటి వరుసను పట్టించుకోకండి. అది బూట్ అయినప్పటి నుంచీ ఉన్న సగటు. ఎన్నిసార్లు చెప్పినా జనం ఆ వరుసనే స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు.

లినక్స్ లోడ్‌లో రెండు రకాల ప్రాసెస్‌లు కలుస్తాయి: సీపీయూ మీద ఉన్నవి లేదా దాని కోసం క్యూలో ఉన్నవి (`r`), ఎక్కువగా డిస్క్ కోసం కదలకుండా ఆగిపోయినవి (`b`). `b` పెద్దదైతే డిస్క్ సంగతి చూడండి. డిస్క్ కోసం ఎదురుచూసిన సమయాన్ని చూపే `wa` తక్కువగా ఉందని డిస్క్‌ని వదిలేయొద్దు. అది ఖాళీ సీపీయూ సమయంలో ఒక భాగమే కాబట్టి, పక్కన ఇంకో పని సీపీయూని వాడుకుంటే డిస్క్ అంతే నెమ్మదిగా ఉన్నా `wa` తగ్గిపోతుంది.

`r` పెద్దదై, `b` సున్నా అయితే మీకు అందకుండా పోయిన సీపీయూ శాతాన్ని చూపే `st` చూడండి. అసలు దొంగ ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతాడు. ఉదాహరణకు ఇలా కనిపిస్తుంది:

```
us sy id wa st
17  3  0  1 79
```

మీ మెషీన్ పరిగెత్తడానికి సిద్ధంగా ఉంది, హోస్ట్ మీద మెషీన్లకు సీపీయూ పంచే హైపర్‌వైజర్ దానికి వంతు ఇవ్వడం లేదు. క్రెడిట్ల మీద నడిచే చవక మెషీన్‌లో దీని అర్థం దాదాపు ఎప్పుడూ ఒకటే: పోగేసుకున్న సీపీయూ క్రెడిట్లు అయిపోయాయి, మిమ్మల్ని కనీస వాటా అయిన బేస్‌లైన్‌కి కట్టేశారు. మీ మెషీన్ నిజంగా వాడుకున్న `us`, `sy` కలిపి గంటల తరబడి అదే 20 దగ్గర నిలబడిపోతే ఇక అనుమానం అక్కర్లేదు. పొరుగు మెషీన్ల రద్దీ అయితే `st` పైకీ కిందకీ ఊగుతుంది.

ఇప్పుడు వర్కర్లు పెంచితే అదే 20 శాతాన్ని ఇంకా ఎక్కువమంది పంచుకోవాలి, క్యూ ఇంకా పెరుగుతుంది. ప్రొవైడర్ కన్సోల్‌లో క్రెడిట్ల గ్రాఫ్ తెరవండి. అది ఏ వేళ నుంచి జారడం మొదలైందో, ఆ వేళ ఏ క్రాన్ జాబ్ నడిచిందో పోల్చండి. తరచుగా రాత్రి బ్యాకప్‌ని కంప్రెస్ చేసే `gzip` బయటపడుతుంది. దాన్ని వేరే మెషీన్‌కి మార్చండి. రోజంతా వాడకమే బేస్‌లైన్ దాటుతుంటే మాత్రం క్రెడిట్లు లేని రకానికి మారక తప్పదు. `nice` పెట్టి లాభం లేదు: మిగతా ప్రాసెస్‌లకు ముందు వంతు దొరుకుతుంది గానీ, సీపీయూ ఖాళీగా ఉంటే ఆ జాబ్ క్రెడిట్లను అలాగే తినేస్తుంది.

పొరుగు రద్దీ అయితే లోపల `reboot` కొట్టినా సాధారణంగా అదే హోస్ట్ మీద లేస్తుంది. కన్సోల్ నుంచి పూర్తిగా స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే వేరే హోస్ట్ దొరికే అవకాశం ఉంది.

VMware గెస్ట్‌లో `st` సున్నా అని నిశ్చింతగా ఉండొద్దు, అక్కడ గెస్ట్ సీపీయూ కోసం ఎంతసేపు ఆగిందో చెప్పే CPU Ready ఎంతో హోస్ట్ వైపు అడగండి. లోడ్ వందల్లోకి పోయి సీపీయూ ఖాళీగా ఉంటే ఎన్ఎఫ్ఎస్ మౌంట్ వేలాడుతోందేమో చూసుకోండి, అది అరుదు.