మంచాన ఉన్న పెద్దవారి సంరక్షణ – 5వ పాఠం: లోపల గట్టిగా, బయట నీళ్లలా

ఈసారి పడక పుండ్ల గురించి రాయాల్సింది. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠంలో విరేచనాల పుస్తకం పెట్టమన్నాను కదా, మీరు రాసి పంపిన పేజీలు చదివాక ముందు ఈ పాఠం చెప్పక తప్పదనిపించింది. చాలా పేజీల్లో వరస ఒకటే. "ఉదయం నుంచి 7 సార్లు నీళ్ల విరేచనం. మాత్ర వేశాం. కాస్త తగ్గింది." ఎన్నిసార్లో అందరూ రాశారు. ఒక్కోసారి ఎంత వచ్చిందో దాదాపు ఎవరూ రాయలేదు. ఆ నీళ్లు మొదలవడానికి ముందు వారం ఎలా గడిచిందో అసలే లేదు.

ఆ రెండూ తెలియకుండా మంచాన ఉన్న ముసలివారికి విరేచనాలు ఆపే మాత్ర వేయకూడదు. ఎందుకో చెప్పడానికి ఒక పేజీనే తీసుకుందాం. పంపిన కుటుంబం ఒప్పుకున్నాకే ఇక్కడ వాడుతున్నాను.

ఆవిడకు 82 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, మంచం దిగడం లేదు. గుండె కాస్త బలహీనం. నొప్పికి ట్రామడాల్ రోజుకు రెండుసార్లు, రక్తం తక్కువని ఐరన్ మాత్ర, ఎముకకు కాల్షియం. పక్క తడుస్తుందన్న భయంతో సాయంత్రం నుంచి నీళ్లు తాగడం తగ్గించేశారు. నేను అడిగితే కూతురు గుర్తు తెచ్చుకుని వెనకటి రోజులు నింపారు. మొదటి రోజు మోషన్ బాగానే అయింది. ఆ తర్వాత ఐదు రోజుల్లో రెండుసార్లు మాత్రం మేక పెంటికల్లా నాలుగైదు ఉండలు. ఏడో రోజు ఏమీ లేదు. ఎనిమిదో రోజు డైపర్‌లో గోధుమరంగు నీళ్లు, ఐదుసార్లు. తొమ్మిదో రోజు ఏడుసార్లు. అప్పుడు విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర వేశారు. పదో రోజు నీళ్లు తగ్గాయి, ఇంట్లో అందరికీ టెన్షన్ తగ్గింది. ఆ సాయంత్రానికే ఆవిడ అన్నం వద్దన్నారు, కడుపు బిగిసింది, మూత్రం చుక్కలు చుక్కలుగా వచ్చింది. రాత్రంతా మంచం పట్టీ పట్టుకుని లాగుతూ, లేనివాళ్లతో మాట్లాడారు.

లోపల జరిగింది ఇది. నొప్పి మాత్ర పేగు కదలికను తగ్గించింది. ఐరన్, కాల్షియం మలాన్ని మరింత గట్టిపరిచాయి. మలం పేగులో ఎన్ని రోజులుంటే పేగు దానిలోంచి అంత నీరు పీల్చేస్తుంది. అలా గట్టిపడింది చివరి భాగంలో, అంటే పురీషనాళంలో, పెద్ద ముద్దగా ఇరుక్కుంది. ఆ ముద్ద గోడను రోజుల తరబడి సాగదీసి ఉంచేసరికి మోషన్ వస్తోందన్న స్పృహ మొద్దుబారింది. మలద్వారాన్ని మన ప్రమేయం లేకుండా బిగించి ఉంచే లోపలి కండరం వదులైపోయింది. పైనుంచి వచ్చే పలచని మలం ముద్దను కదిలించలేక, దాని పక్కల సందుల్లోంచి జారి బయటికి కారింది. అంటే ఆవిడకు ఉన్నది మలబద్ధకం, డైపర్‌లో కనబడింది దాని పొంగు. లోపెరమైడ్ పేగు కదలికను ఇంకా ఆపింది, ముద్ద ఇంకా పెరిగింది, అది మూత్రాశయాన్ని నొక్కింది. ముసలివారికి రాత్రికి రాత్రి మతి తప్పినట్టయితే వెతకాల్సిన కారణాల్లో ఇదొకటి.

ఇక్కడే ఈ పాఠానికి అసలు చిక్కు ఉంది. దీన్ని తిప్పి తిప్పి చెబుతాను, విసుక్కోకండి. కారడాన్ని మోషన్ కింద లెక్కవేయకండి. మీ పుస్తకంలో ఈ రెంటికీ రెండు వేర్వేరు గడులు ఉండాలి. మోషన్ అంటే కాస్తంత పరిమాణం, ఓ ఆకారమో ముద్దో ఉండాలి, దాని తర్వాత మనిషికి కాస్త తేలిక కనబడాలి. మరక అంటే ఒకటి రెండు చెంచాల నీళ్లో జిగురో, మనిషికి తెలియకుండా, పక్కకు తిప్పినప్పుడో దగ్గినప్పుడో బయటపడేది. పన్నెండు మరకలైనా మోషన్ గడిలో సున్నాయే. ఎనిమిదో రోజు ఐదు మరకలు, మోషన్ సున్నా. తొమ్మిదో రోజు ఏడు మరకలు, మోషన్ సున్నా. అలా రాసి ఉంటే ఆ పేజీ చూసి విరేచనాలు ఆపే మాత్ర ఎవరూ వేసేవారు కాదు. "రోజూ అవుతూనే ఉంది కదండీ, మలబద్ధకం ఎలా అవుతుంది?" అని డాక్టర్ దగ్గర కూడా వాదించేవారిని చూశాను. డాక్టర్ మిమ్మల్ని అడిగేది కూడా "మోషన్ అవుతోందా?" అనే. మీరు అవునంటే ఆయన అక్కడితో వదిలేసే ప్రమాదం ఉంది. "మరకలు ఏడు, నిజమైన మోషన్ అయి ఎనిమిది రోజులు" అని చెప్పండి, మాట వేరే దారి పడుతుంది.

మలాన్ని ఏడు రకాలుగా చూపించే బ్రిస్టల్ పట్టిక ఒకటుంది, నర్సులు వాడతారు. ఇంట్లో నేను మూడు మాటలే రాయిస్తాను: గట్టి, మెత్త, నీళ్లు. పక్కన పరిమాణం. అనుమానం తీరకపోతే తడిసిన డైపర్‌ని తూచి, పొడి డైపర్ బరువు తీసేయండి. మూత్రం కలవనప్పుడే ఈ లెక్కకు అర్థం ఉంటుంది.

నిజమైన విరేచనాలూ వస్తాయి, అన్నిటినీ ఇందులో కలపకండి. వాటిలో ఒక్కోసారికి ఎక్కువగా పోతుంది, కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది, మాట్లాడగలిగినవారు వస్తోందని చెబుతారు. ఈ మధ్య యాంటీబయాటిక్ వాడి ఉన్నా, జ్వరం ఉన్నా, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉన్నా అటువైపు ఆలోచించాలి. అలాంటప్పుడు కూడా ఆపే మాత్ర సొంతంగా వద్దు.

ఆవిడ సంగతికి వద్దాం. పదకొండో రోజు డాక్టర్ వచ్చి వేలితో పరీక్ష చేశారు. వేలికి గట్టి ముద్ద తగిలింది, మాట అక్కడితో తేలిపోయింది. తగలకపోతే మాత్రం తేలినట్టు కాదు. అడ్డం వేలికి అందనంత పైన ఉండవచ్చు, అప్పుడు కడుపు ఎక్స్‌రే తీస్తారు. ముద్దను వేలితో తీయడం మీరు చేయకండి. అక్కడ పేగు గోడ పలచన, చిరగవచ్చు. ఆ చోట నరం రేగితే గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు. గుండె బలహీనంగా ఉన్నవారికి అది చిన్న విషయం కాదు.

నేను కింది నుంచి మొదలుపెట్టే పద్ధతినే ఇష్టపడతాను. ముద్ద ద్వారం దగ్గరే కూర్చున్నప్పుడు పైనుంచి మందు పోస్తే ముందు కడుపునొప్పి, మరకలే పెరుగుతాయి. ఆవిడకు కూడా రాత్రి నూనె ఎనిమా పెట్టి ముద్దను నానబెట్టారు. పొద్దున గ్లిజరిన్ సపోజిటరీ, ఆ తర్వాత చిన్న సిట్రేట్ ఎనిమా ఇచ్చారు. ఎడమ పక్కకు తిప్పడం, గ్లౌజులు, కింద ప్యాడ్ పరచడం మీకు తెలిసినవే. సపోజిటరీ ముద్దలోకి గుచ్చితే పని చేయదు, పక్కగా పేగు గోడకు ఆనేలా పెట్టాలి. ఫాస్ఫేట్ ఎనిమా మాత్రం కొట్లో దొరికింది కదా అని తెచ్చి పెట్టకండి. వయసు మీరినవారిలో, కిడ్నీ సరిగా లేనివారిలో రక్తంలో ఫాస్ఫేట్ పెరిగి కాల్షియం పడిపోయే ప్రమాదం ఉంది.

ఆ తర్వాతే నోటితో, మలాన్ని మెత్తబరిచే మాక్రోగాల్ పొడి. ముద్ద కట్టినప్పుడు పెద్దలకు ఇచ్చే పూర్తి మోతాదు, 125 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపే ప్యాకెట్ల లెక్కన, రోజుకు 8. వాటిని లీటరు నీళ్లలో కలిపి ఆరు గంటల్లో తాగిస్తారు, మూడు రోజుల వరకు. గుండె బలహీనమైతే గంటలో రెండు ప్యాకెట్లు దాటకూడదు. ఆవిడకు డాక్టర్ ఇంకా నెమ్మదిగా ఇమ్మన్నారు. మింగేటప్పుడు దగ్గు వచ్చేవారికి లీటరు ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఈ మోతాదు డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టవద్దు. ఈ దశలో పీచు పొడులు కూడా వద్దు. నీళ్లు చాలని పేగులో అవి ముద్దను పెద్దది చేస్తాయి.

పన్నెండో రోజు పాత చిక్కే మళ్లీ వచ్చింది. పొడి మొదలయ్యాక మరకలు పదికి పెరిగాయి, కొన్ని గట్టి ముక్కలు పడ్డాయి. "విరేచనాలు పట్టుకున్నాయి, పొడి ఆపేద్దామా?" అని కూతురు ఫోన్ చేశారు. పుస్తకం తెరిచి మోషన్ గడి చదవమన్నాను. ముక్కలే, పెద్ద మోషన్ లేదు. కడుపు ఇంకా బిగుతే. డాక్టర్‌ని అడిగితే కొనసాగించమన్నారు. పదమూడో రోజు తెల్లవారుజామున రెండు దఫాలుగా ముద్దలు ముద్దలుగా చాలా పోయింది. సాయంత్రానికి మరకలు ఆగాయి, మూత్రం ధారగా వచ్చింది, కంచం అడిగారు. పదిహేనో రోజు వేలి పరీక్షలో పురీషనాళం ఖాళీ. ఖాళీ అయిందని నమ్మాల్సింది ఈ గుర్తులన్నీ కలిసి కనబడ్డప్పుడే. పలచగా వచ్చిందని మధ్యలో ఆపితే మిగిలిన ముద్ద చుట్టూ మళ్లీ మొదలవుతుంది.

ఆ తర్వాత డాక్టర్ ట్రామడాల్ తీసి పారాసెటమాల్ పెట్టారు, ఐరన్ కొన్నాళ్లు ఆపారు, మాక్రోగాల్ రోజుకు ఒక ప్యాకెట్‌గా కొనసాగించారు. కాళ్లు ఆనేలా పీట వేసి, టిఫిన్ అయిన అరగంటకు కమోడ్ కుర్చీలో కూర్చోబెడుతున్నారు. తిన్నాక పెద్దపేగు తనంతట తానే కదులుతుంది, ఆ సమయాన్ని వాడుకోవాలి.

వాంతులు, కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోవడం, తీవ్రమైన నొప్పి, మలంలో రక్తం, జ్వరం, మగతగా పడి ఉండడం, వీటిలో ఏది ఉన్నా ఇంట్లో ఎనిమా ప్రయత్నించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అభ్యాసం ఈసారి కాస్త పెద్దదే. మీ పాత పుస్తకంలో గడిచిన 14 రోజులూ తిరగరాయండి: మోషన్ గడి వేరు, మరక గడి వేరు, గట్టి–మెత్త–నీళ్లు, పరిమాణం, తిండి, మూత్రం. రాత్రి చూసుకునేవారిని, పగలు చూసుకునేవారిని విడివిడిగా అడగండి, ఇద్దరి లెక్క కలవకపోతే రెండూ రాయండి. పక్క పేజీలో వాడే ప్రతి మందూ, మొదలుపెట్టిన తేదీతో. ఆఖరి నిజమైన మోషన్ తేదీ చుట్టూ గీత గీసి, దానికి ముందు వారంలో ఏ కొత్త మందు చేరిందో చూడండి. మూడు రోజులుగా మోషన్ గడి ఖాళీగా ఉండి మరకల గడి నిండుతుంటే వచ్చే పాఠం కోసం ఆగకుండా రేపే ఆ రెండు పేజీలు డాక్టర్‌కు చూపించండి.