గొడవ సీన్‌లో నవ్వు ఎక్కడ పెట్టాలి

కుటుంబ కథలో గొడవ మధ్య జోకు పెడితే, చాలాసార్లు నవ్వుతోపాటు టెన్షన్ కూడా పోతుంది. నాకు బాగా పనిచేసిన పద్ధతి ఇది: నవ్వించడానికి ఎవరినీ బయటి నుంచి తీసుకురాకండి. ఆ గదిలోనే ఉన్న ఒకరికి, అదే గొడవకు సంబంధించిన చిన్న బెంగ ఒకటి ఇవ్వండి.

ఉదాహరణకి, తండ్రి ఇల్లు అమ్మేస్తానన్నాడు. "మరి అమ్మ ఎక్కడుంటుంది?" అని కూతురు నిలదీసింది. తండ్రి మాట్లాడడు. అప్పుడు బాబాయి, "అన్నయ్యా, మేడమీది ఉయ్యాల కూడా ఇంటితోపాటే పోతుందా? అది నాది కదా!" అంటాడు. పాపం, ఆయన నిజంగానే అడుగుతున్నాడు. నవ్వు వచ్చేది అందుకే. సీన్‌లో మాత్రం ఎవరూ నవ్వకూడదు, ఆయనకి జవాబు కూడా చెప్పకూడదు. ఒక్క డైలాగ్ చాలు, మహా అయితే రెండు. వెంటనే కూతురు మళ్లీ, "అమ్మ ఎక్కడుంటుంది నాన్నా?" అనాలి. మొదటి ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు కాబట్టి బిగువు తెగదు. రెండోసారి అదే మాట ఇంకా బరువుగా వినిపిస్తుంది.

తండ్రి నిజం చెప్పేసిన మరుక్షణం మాత్రం ఇది పనిచేయదు. ఆ దెబ్బ పాఠకుడికి తగిలేలోపే నవ్వు దాన్ని మింగేస్తుంది. అలా అనిపిస్తే బాబాయి మాటని ప్రశ్నకీ జవాబుకీ మధ్యకి జరపండి.