లీడ్ నంబరు చివర సున్నా

హనుమకొండలో ఇళ్లపై సోలార్ పలకలు బిగించే వ్యాపారం మాది. ఫేస్‌బుక్‌లో రెండు ప్రకటనలు నడిపాం. సబ్సిడీ ప్రకటనకు ఒక్కో లీడు, అంటే ప్రకటన చూసి వివరాలిచ్చిన ఒక్కో మనిషి, 60 రూపాయలు పడింది; కాజీపేటలో బిగించిన ఇంటి వీడియోకు 190. డబ్బంతా మొదటిదానికే మళ్లించబోయాను. "వీళ్లలో సగం మందికి సొంత డాబాయే లేదు సార్" అని ఫోన్లు చేసే అమ్మాయి ఆపింది.

ఆ మాట లీడ్ల వివరాలు రాసుకునే మా సీఆర్ఎంలో ఎక్కడా కనిపించదు. అందులో 'ఆసక్తి ఉంది' అనే దశ ఒకటి ఉండేది. మర్యాదగా మాట్లాడిన ప్రతివారూ అందులోనే. దాన్ని తీసేసి 'ఇల్లు చూశాం', 'అడ్వాన్స్ అందింది' అని పెట్టాను. ప్రతి లీడుకూ ప్రకటన పేరు, ఫేస్‌బుక్ ఇచ్చే లీడు నంబరు `lead_id` జత చేశాను.

తీరా ఫేస్‌బుక్ నుంచి దించిన ఫైలుతో పోల్చి చూస్తే 112 లీడ్లలో 11 మాత్రమే కలిశాయి. నంబర్లన్నీ సున్నాతో ముగుస్తున్నాయి! మావి 16 అంకెల నంబర్లు. స్ప్రెడ్‌షీట్ 15 అంకెలే నిలిపి చివరిదాన్ని సున్నా చేసింది. నిజంగానే సున్నాతో ముగిసేవి మాత్రం కలిశాయి. ఫైలును మళ్లీ దించుకుని, స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చేటప్పుడే ఆ గడులను 'టెక్స్ట్'గా ఎంచుకున్నాను. పాడైన ఫైలులో గడి మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు.

సబ్సిడీ ప్రకటన: 84 లీడ్లు, చూసిన ఇళ్లు 3, అడ్వాన్స్ సున్నా. వీడియో: 28 లీడ్లు, 9 ఇళ్లు, 4 అడ్వాన్సులు. ఖర్చు దాదాపు సమానమే.

అలాంటివాళ్లకే ప్రకటన చూపేలా ఫేస్‌బుక్‌కు ఇప్పుడు 'ఇల్లు చూశాం' దశను తిరిగి పంపుతున్నాను. అడ్వాన్స్ దశను పంపడం లేదు; అవి మరీ తక్కువ, పైగా వారాల తర్వాత వస్తాయి.