స్క్రిప్ట్ రాసే ముందు క్లయింట్‌కి లెటర్: పాఠం 4, రౌండ్ అంటే ఏంటి

పోయిన పాఠంలో బ్రీఫ్ కాల్‌లో ఏమేం అడగాలో చూశాం కదా, ఇప్పుడు ఆ కాల్ అయ్యాక అడ్వాన్స్ పడకముందే పంపాల్సిన లెటర్ రాద్దాం. ఉదాహరణకి గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజ్ వాళ్లకి, మిర్చి బస్తాలు ఎలా ఆరబెట్టి తేవాలో రైతులకి చెప్పే మూడు నిమిషాల వీడియో కావాలి, మన ఫీజు 30,000 అనుకుందాం.

ముందు స్కోప్. "వీడియోకి స్క్రిప్ట్" అని రాసి వదిలేస్తే రేపు దాన్లోంచే 30 సెకన్ల రీల్, హిందీ వెర్షన్, షూటింగ్ దగ్గర డైలాగ్ మార్పులు అన్నీ అడుగుతారు, వాళ్ల దృష్టిలో అదంతా ఒకే పని మరి. అందుకే ఇచ్చేది ఎంత ఖచ్చితంగా రాస్తామో ఇవ్వనిది కూడా అంతే ఖచ్చితంగా రాయాలి:

"మేనేజర్ గారూ, నమస్కారం. నేను ఇచ్చేది: ఒక పేజీ అవుట్‌లైన్, దాని మీద 3 నిమిషాల తెలుగు స్క్రిప్ట్ ఒకటి, ఒక పక్క వాయిస్ ఓవర్, ఇంకో పక్క విజువల్స్. రీల్స్, వేరే భాషల వెర్షన్లు, సబ్‌టైటిల్స్, షూటింగ్‌కి రావడం ఇందులో లేవు, కావాలంటే విడిగా మాట్లాడుకుందాం."

ఆ అవుట్‌లైన్ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ లెటర్ మొత్తం దాని మీదే నిలబడుతుంది. ఎందుకంటే ఎక్కువ గొడవలు వచ్చేది ఏది రివిజన్, ఏది కొత్త పని అన్న దగ్గరే. మన అవుట్‌లైన్‌లో వరుస ఇది అనుకోండి: తేమ ఎక్కువున్న కాయకి బూజు ఎలా పడుతుంది, ఎంతవరకు ఆరబెట్టాలి, బస్తా ఎలా కట్టాలి, స్టోరేజ్‌లో ఏం జరుగుతుంది. దీనికి వాళ్లు మెయిల్‌లో ఓకే అన్నారు. డ్రాఫ్ట్ చూశాక "బూజు సీన్ కుదించండి, మాటలు ఇంకా పల్లెటూరి యాసలో ఉండాలి" అంటే అది రివిజన్. "ఇదంతా వద్దు, ఒక రైతు కుటుంబం కథలా చేద్దాం" అంటే వరుసే మారింది కాబట్టి అది కొత్త స్క్రిప్ట్. అవుట్‌లైన్ ఓకే చేయించుకోకపోతే ఈ తేడా చూపించడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

రెండోది, రౌండ్ అంటే ఏంటో చెప్పాలి. "రెండు రివిజన్లు ఫ్రీ" అని మాత్రమే రాస్తే పొద్దున ఓనర్ గారి వాయిస్ నోట్, మధ్యాహ్నం వాళ్లబ్బాయి మెసేజ్, సాయంత్రం మేనేజర్ ఫోన్, ఒకరు తీసేయమన్నది ఇంకొకరు పెంచమంటారు, వీటిలో ఏది ఎన్నో రౌండో ఎవరూ చెప్పలేరు. ఇలా రాయండి:

"మీ అందరి కామెంట్స్ మీరొక్కరే ఒకచోట చేర్చి ఒకేసారి పంపితే అది ఒక రౌండ్. డ్రాఫ్ట్ అందిన 5 పనిదినాల్లో పంపాలి. రెండు రౌండ్లు ఫీజులోనే ఉన్నాయి, మూడో దాని నుంచి రౌండ్‌కి 3,000. సమాచారంలో నా తప్పు ఉంటే ఎప్పుడైనా సరిచేస్తాను, అది రౌండ్ కింద లెక్క కాదు. అవుట్‌లైన్ మారితే కొత్త ఫీజు."

తప్పుల గురించిన ఆ వాక్యం తీసేయొద్దు, దాని వల్లే మిగతా షరతులు క్లయింట్‌కి న్యాయంగా అనిపిస్తాయి.

ఇక డబ్బు. "వీడియో రిలీజ్ అయ్యాక బ్యాలెన్స్" అనే మాటకి అస్సలు ఒప్పుకోవద్దు. గుంటూరు యార్డుకి మిర్చి జోరుగా వచ్చేది ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో, మనం జూలైలో స్క్రిప్ట్ ఇచ్చేస్తే వాళ్లు బస్తాలు వచ్చాకే షూట్ చేద్దాం అంటారు, అందులో తప్పేం లేదు కానీ అన్ని నెలలూ మన డబ్బు ఆగిపోతుంది. కాబట్టి ప్రతి వాయిదానీ మన చేతిలో ఉన్న పనికే ముడిపెట్టాలి:

"మొదలుపెట్టే ముందు 15,000. మొదటి డ్రాఫ్ట్ పంపిన 7 రోజుల్లో 9,000. ఫైనల్ పంపిన 7 రోజుల్లో 6,000. ఏ డ్రాఫ్ట్ మీదైనా 15 రోజుల వరకు జవాబు రాకపోతే దాన్నే ఫైనల్‌గా భావించి మిగిలిన మొత్తానికి బిల్లు పంపుతాను. మధ్యలో ప్రాజెక్ట్ ఆపేస్తే అప్పటికి ఇచ్చిన పనికి డబ్బు చెల్లించాలి, అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు."

చివరగా హక్కులు. మనం ఉద్యోగులం కాదు కాబట్టి, వేరే ఒప్పందం లేకపోతే స్క్రిప్ట్ మీద మొదటి హక్కు రాసినవాళ్లదే. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా సంతకంతో ఉండాలి, కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని చట్టం అనుకుంటుంది. అందుకే "పూర్తి ఫీజు అందిన రోజు నుంచి ఈ వీడియో కోసం స్క్రిప్ట్ హక్కులు మీ సంస్థకి, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం" అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. "పూర్తి ఫీజు అందిన రోజు నుంచి" అన్న ముక్క ముఖ్యం, ఆఖరి 6,000 ఆగిపోతే గట్టిగా అడగడానికి ఆధారం అదే.

ఈసారి అభ్యాసం: మీ దగ్గరున్న పాత ప్రాజెక్ట్ ఒకటి తీసుకుని క్లయింట్ అడిగిన ప్రతి మార్పు పక్కన రివిజనా, కొత్త పనా అని రాయండి. వచ్చే పాఠంలో బిల్లు.