ఫుకెట్ పెళ్ళికి వెళ్తున్నారా? అత్తగారి వడ్డాణం మీ బ్యాగులో పెట్టుకోకండి

మొన్న మా బంధువుల్లో ఒకావిడ ఫుకెట్‌లో పెళ్ళి చూసుకుని వస్తుంటే ఇక్కడ కస్టమ్స్ వాళ్ళు ఆపారు. బ్యాగులో వాళ్ళ మేనత్త వడ్డాణం, కాసులపేరు ఉన్నాయి. రెండూ ఎప్పటినుంచో ఇంట్లో ఉన్న పాత నగలే. పెళ్ళయ్యాక మేనత్త మనవలతో క్రాబీ చూడ్డానికి ఆగిపోయింది. "బీచిల్లో తిరుగుతూ ఇవన్నీ ఎందుకు, నువ్వు పట్టుకెళ్ళవే" అని ఇచ్చేసింది. వెళ్ళేటప్పుడు నగలు చూపించి తీసుకున్న సర్టిఫికెట్ మేనత్త పేరు మీద ఉంది, ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది. నగలు ఒక ఫ్లైట్‌లో వచ్చాయి, కాగితం ఇంకో ఫ్లైట్‌లో. కస్టమ్స్ వాళ్ళు నగలు ఉంచుకుని రసీదు ఇచ్చి పంపారు. అవి విడిపించుకోడానికి పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

పాస్‌పోర్ట్, టికెట్ల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. విదేశీ పెళ్ళిళ్ళలో మనవాళ్ళను ముంచేది ఒకటే: ఒకరి సామాను ఇంకొకరి పెట్టెలో పెట్టడం.

నగలు, బట్టలు

ఇక్కడినుంచి బంగారం తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చుకునేవాళ్ళు బయల్దేరేటప్పుడే కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది లేకపోతే తిరిగొచ్చాక ఆ నగలు మీవేనని, అక్కడ కొన్నవి కావని రుజువు చేసుకోవడం మీ పని. ముందుగా గుర్తింపు ఉన్న వాల్యుయర్ దగ్గర ఒక్కో నగ బరువు, విలువ రాయించి, ఫొటోలతో సహా కాగితం చేయించుకోండి. నగలు చెకిన్ పెట్టెలో వేసేస్తే చూపించడానికేమీ ఉండదు, అందుకని చేతి బ్యాగులోనే ఉంచండి. దీనికి టైమ్ పడుతుంది, మామూలుకన్నా ఓ గంట ముందే వెళ్ళండి. ఎవరి నగలకు వాళ్ళ పేరు మీదే కాగితం. తల్లీకూతుళ్ళైనా సరే.

అసలు అంత బంగారం అవసరమా అన్నది ఇంకో ప్రశ్న. ఇసుకలో వేసిన మండపంలో, ఆ ఉక్కపోతలో వడ్డాణం చూసేదెవరు? గిల్టు నగలు పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

ముహూర్తం చీర, పంచె మాత్రం చేతి బ్యాగులో పెట్టుకోండి. పెద్ద పెట్టె ఒకరోజు ఆలస్యంగా వస్తే పెళ్ళి ఆగదు కదా. ఇంకొకటి, మన శ్రావణమాసం ముహూర్తాలు ఫుకెట్ వానాకాలంలో పడతాయి. పట్టు ఒక్కటి చాలు, మిగతావి తొందరగా ఆరే బట్టలు తీసుకెళ్ళండి.

గదులు

ముగ్గురు కలిసి ఉండే గదిలో మూడోవాళ్ళకు వేరే మంచం వేస్తారా, దాని డబ్బు పెళ్ళివారిదా మీదా అని ముందే అడగండి. మొహమాటపడితే చివరి రోజు కౌంటర్ దగ్గర గొడవ పడాల్సి వస్తుంది. చెకిన్ అప్పుడు డిపాజిట్‌కి ఎవరి కార్డు ఇస్తే మినీబార్ ఖర్చు వాళ్ళకే పడుతుంది, పిల్లలు తాగిన జ్యూస్ అయినా సరే. గదిలో లాకర్ ఒకటే ఉంటుంది కాబట్టి నగలన్నీ అందులోనే చేరతాయి. కలిసిపోయేది అక్కడే. ఎవరి సంచి వాళ్ళది, సంచి మీద పేరు, లోపల ఆ సర్టిఫికెట్ జిరాక్స్. ముందు వెళ్ళేవాళ్ళు తమ సంచి మాత్రమే తీసుకెళ్ళాలి.

కానుకలు

విదేశానికి కానుక మోయకండి. ఉంగరమైనా, వెండి కంచమైనా ఇక్కడ రిసెప్షన్‌లో ఇవ్వండి. రిసెప్షన్ లేకపోతే చదివింపులు అకౌంట్‌లో వేయండి. మన రూపాయలు మనిషికి 25,000 మించి దేశం దాటించకూడదు. అందరి కవర్లూ ఒకరి చేతికిస్తే ఆ ఒక్కరే ఇరుక్కుంటారు. చూశారా, మళ్ళీ అదే తప్పు.

అదనపు రోజులు, ఇంకా మిగిలినవి

- ఆగేవాళ్ళ నగలు ఆగేవాళ్ళతోనే. ఇది అన్నిటికన్నా ముందు.
- పెళ్ళివారి రేటు పెళ్ళి రోజులకే. తర్వాతి రోజుల రేటు రాతపూర్వకంగా తీసుకోండి.
- థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు దిగడానికి మూడు రోజుల లోపు నింపాలి. ఉచితం. tdac.immigration.go.th లోనే. డబ్బడిగే సైట్ చూస్తే మూసేయండి.
- వీసా గడువు దాటితే రోజుకు 500 బాత్ జరిమానా.
- బీచ్‌లో ఎర్ర జెండా ఉంటే నీళ్ళలో దిగొద్దు. మోకాళ్ళ వరకే అని కూడా వద్దు.
- లైసెన్స్ లేకుండా స్కూటర్ అద్దెకు తీసుకోవద్దు. పడితే ఇన్సూరెన్స్ వాళ్ళు చెయ్యి దులుపుకుంటారు.
- కుర్రాళ్ళ జేబుల్లో వేప్‌లు ఉన్నాయేమో చూడండి. అక్కడ నిషేధం.
- ఆవకాయ సీసా చేతి బ్యాగులో వద్దు.
- పవర్ బ్యాంక్ చెకిన్ పెట్టెలో వద్దు.
- "ఈ ఒక్క డబ్బా మా అబ్బాయికి ఇవ్వమ్మా" అంటే, వద్దు. పెద్దవాళ్ళు అలిగినా వద్దు.
- తిరిగొచ్చి ఇక్కడ దిగాక రెడ్ ఛానెల్‌కే వెళ్ళండి. సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని, అడగకముందే చూపించండి.