మంగళవారం పొద్దున నిఫ్టీ స్ప్రెడ్‌కి మార్జిన్ చాలకపోతే: కారణం, పరిష్కారం

లక్షణం ఇది. ఖాతాలో లక్ష రూపాయలు. శుక్రవారం నిఫ్టీ వీక్లీలో రెండు లాట్ల క్రెడిట్ స్ప్రెడ్ వేశారు, మార్జిన్ సరిపోయింది. సోమవారం కూడా ఏ ఇబ్బందీ లేదు. మంగళవారం మార్కెట్ తెరిచేసరికి మార్జిన్ షార్ట్‌ఫాల్ మెసేజ్. నిఫ్టీ పెద్దగా కదల్లేదు, పొజిషన్ లాభంలోనే ఉంది.

ముందు లాట్ సైజు చూడండి. ఎన్నిసార్లు చెప్పినా జనం దాటేసేది దీన్నే. నిఫ్టీ లాట్ 2024 నవంబర్‌లో 25 నుంచి 75కి పెరిగింది, 2026 జనవరి కాంట్రాక్టుల నుంచి 65 అయింది. పాత బ్యాక్‌టెస్ట్ 25తో నడిచి ఉంటే ఇప్పుడు దాని లెక్కలు మీకు పనికిరావు. 200 పాయింట్ల స్ప్రెడ్‌కి 60 పాయింట్ల క్రెడిట్ వస్తే గరిష్ఠ నష్టం 140 పాయింట్లు. 25 లాట్‌తో అది 3,500 రూపాయలు, 65తో 9,100. లక్ష పెట్టుబడిలో ఒక్క ట్రేడ్‌కి తొమ్మిది శాతం పోవడం మీకు సమ్మతమేనా అన్నది ముందు తేల్చుకోండి. కాదంటే స్ప్రెడ్ వెడల్పు తగ్గించాలి. లాట్‌ని సగం చేసే వీలు లేదు.

లాట్ సరిగ్గానే ఉంటే, అసలు కారణం మంగళవారం, అంటే నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీ రోజు పడే అదనపు మార్జిన్. 2024 నవంబర్ 20 నుంచి, ఆ రోజు ముగిసే ఇండెక్స్ ఆప్షన్లలో ఉన్న ప్రతి షార్ట్ పొజిషన్ మీదా కాంట్రాక్ట్ విలువలో 2 శాతం అదనంగా కట్టాలని సెబీ నిబంధన. ముందునుంచి పట్టుకొచ్చిన షార్ట్‌కీ పడుతుంది, ఆ రోజే అమ్మినదానికీ పడుతుంది. చాలామంది మోసపోయేది ఒక్కచోట: హెడ్జ్ ఉంది కాబట్టి మనకు వర్తించదనుకోవడం. హెడ్జ్ తగ్గించేది పొజిషన్ రిస్క్‌ని బట్టి లెక్కేసే స్పాన్ మార్జిన్‌ని మాత్రమే. షార్ట్ లెగ్ విలువ మీద వేసే శాతాన్ని అది ముట్టుకోదు.

నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకుని లెక్క వేద్దాం. ఒక లాట్ విలువ 16,25,000, అందులో 2 శాతం 32,500. స్పాన్ సుమారు 10,000 అనుకోండి. మామూలు రోజుల్లోనూ షార్ట్ మీద 2 శాతం ఎక్స్‌పోజర్ మార్జిన్ ఉంటుంది, ఎక్స్‌పైరీ రోజు పడే 2 శాతం దాని మీద అదనం.

```
మామూలు రోజు : 10,000 + 32,500 = 42,500 (1 లాట్)
ఎక్స్‌పైరీ రోజు: 42,500 + 32,500 = 75,000 (1 లాట్)
2 లాట్లు      : 85,000 → 1,50,000
```

శుక్రవారం లక్షలో ఇమిడిన పొజిషన్‌కి మంగళవారం యాభై వేలు తక్కువైంది. మీరు డబ్బు వేయకపోతే బ్రోకర్ ఆర్ఎంఎస్ పొజిషన్‌ని మార్కెట్ ధరకు కట్ చేసేస్తుంది. పెట్టుబడి పెద్దదైతే లాట్‌కి పడే ఈ 32,500 కనబడవు, చిన్న ఖాతాలో స్ట్రాటజీ మొత్తాన్ని ఇవే నిర్ణయిస్తాయి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు రిపేరు, వెడల్పుని 200 నుంచి 100కి తగ్గించడం. దానివల్ల నష్టం తగ్గుతుంది, మంచిదే. కానీ మార్జిన్‌లో తగ్గేది స్పాన్‌లోని కొన్ని వేలే, 32,500 అలాగే ఉంటుంది. డెబిట్ స్ప్రెడ్‌కి మారినా అందులోనూ షార్ట్ లెగ్ ఉంది కదా, అదే లెక్క. ఐరన్ కాండర్‌లో షార్ట్ లెగ్‌లు రెండు, కాబట్టి ఒక్క లాట్‌కే 65,000 అదనం.

పనిచేసే దారులు రెండే. మంగళవారం దాకా ఉంచాలనుకుంటే ఎక్స్‌పైరీ రోజు లెక్కతోనే లాట్లు నిర్ణయించండి: లక్షకి ఒక్క లాట్, మిగిలిన పాతిక వేలు మార్క్ టు మార్కెట్ కోసం కదపకుండా ఉంచాలి. లేదంటే సోమవారం 3:30 లోపు బయటికి వచ్చేయండి. ఈ రెండో దారి పట్టేవాళ్లు బ్యాక్‌టెస్ట్‌ని సోమవారం ముగింపు ధరతో మళ్లీ నడపాలి. చివరి రోజు కరిగే ప్రీమియం మీ చేతికి రాదు, పాత లాభాల్లో ఎక్కువ భాగం దాన్నుంచే వచ్చి ఉండొచ్చు. మంగళవారం సెలవైతే ఎక్స్‌పైరీ ముందు ట్రేడింగ్ రోజుకి జరుగుతుంది, అప్పుడు శుక్రవారమే దిగిపోవాలి. క్యాలెండర్‌ని కాకుండా కాంట్రాక్ట్ పేరులో ఉన్న తేదీని చూసి ప్లాన్ చేయండి.

బయటికొచ్చేటప్పుడు షార్ట్ ముందు కొనండి, హెడ్జ్ తర్వాత అమ్మండి. క్రమం తిరగబడితే మధ్యలో కొన్ని నిమిషాలు నేకెడ్ షార్ట్ మిగులుతుంది, ఆ సమయంలో ఎక్స్ఛేంజ్ స్నాప్‌షాట్ పడితే పీక్ మార్జిన్ పెనాల్టీ మీ లెడ్జర్‌లోకి రావచ్చు.

ఈ వారం షార్ట్‌కి వచ్చే వారం ఆప్షన్ హెడ్జ్‌గా పెట్టినవాళ్లకి మరో కారణం ఉంది: 2025 ఫిబ్రవరి నుంచి ఎక్స్‌పైరీ రోజున క్యాలెండర్ స్ప్రెడ్ రాయితీ లేదు. రెండు లెగ్‌లనూ ఒకే ఎక్స్‌పైరీలో పెట్టండి. పొజిషన్ లిమిట్లు ఈ స్థాయి ఖాతాకి అడ్డురావు, వాటిని వెతకక్కర్లేదు.